క్రియాటినిన్ 3.8, హిమోగ్లోబిన్ 7.2: ఒకే మనిషికి ఇంజెక్షన్, బ్యాండు, ఆపరేషన్ మూడూ ఎందుకు అవసరమయ్యాయి

పైల్స్‌కి ఇంజెక్షన్ మంచిదా, రబ్బరు బ్యాండు మంచిదా, ఆపరేషనే చేయించుకోవాలా అని నన్ను అడగని వారం ఉండదు. శ్రీకాకుళంలో జనరల్ సర్జన్‌గా పనిచేస్తున్న నాకు ఈ మూడింటి తేడా ఒక్క మనిషిలోనే పూర్తిగా కనబడిన కేసు ఇది. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసు లాంటి గుర్తులు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను. వైద్యానికి సంబంధించిన అంకెలు మాత్రం అలాగే ఉంచాను.

నేపథ్యం

ఉద్దానం వైపు పల్లె, కొబ్బరి తోటల్లో పని, వయసు యాభై దాటింది. షుగరు లేదు, బీపీకి మాత్రలు వాడుతున్నాడు. అక్కడ చాలామందికి ఉన్నట్టే ఈయనకీ కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ 3.8. డయాలసిస్ ఇంకా మొదలు కాలేదు, మూత్రం బాగానే వస్తోంది. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాక ఆ చుట్టుపక్కల వాళ్ళు నెఫ్రాలజిస్టు కోసం విశాఖ దాకా పరిగెత్తాల్సిన అవసరం కొంత తగ్గింది. ఈయన కూడా ఆ వైపే చూపించుకుంటున్నాడు.

నా దగ్గరికి పంపింది నెఫ్రాలజిస్టే. చీటీలో రాసింది రెండు లైన్లు: ఎరిత్రోపాయిటిన్ ఇంజెక్షన్లు ఇస్తున్నా హిమోగ్లోబిన్ లేవడం లేదు, రక్తం ఎక్కడైనా పోతోందేమో చూడండి.

ఆ రెండో వాక్యం దగ్గరే కేసు మలుపు తిరిగింది. అంతకుముందు చూసిన వాళ్ళంతా ఈ రక్తహీనతను కిడ్నీ ఖాతాలో రాసేశారు. కిడ్నీ పాడైతే రక్తం తగ్గుతుందన్నది నిజమే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. కానీ ఆయన రిపోర్టుల్లో ఫెరిటిన్ 14 ఉంది, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ 6 శాతం, ఎర్ర కణాల సైజు బాగా చిన్నది. కిడ్నీ జబ్బు ఒక్కటే అయితే ఒంట్లో ఐరన్ నిల్వ ఇంతగా అడుగంటదు. నిల్వ ఖాళీ అయిందంటే ఎక్కడో కారిపోతోందన్నమాట. ఐరన్ లేకుండా ఎరిత్రోపాయిటిన్ ఎంత ఇచ్చినా కొత్త రక్తం తయారు కాదు.

ఏ బాధతో వచ్చాడు

అడిగితే గానీ చెప్పలేదు. "దొడ్డికెళ్తే రగతం పడతాది బాబూ. మొలలే కదా, మా ఇళ్ళల్లో అందరికీ ఉన్నాయి" అన్నాడు. ఎన్నాళ్ళుగా అంటే లెక్క లేదు. పక్కనే ఉన్న భార్య అందుకుని లుంగీల మీద మరకలు ఉతకలేక చస్తున్నానని చెప్పింది. నొప్పి లేదు. ముక్కినప్పుడు ఒక గడ్డ బయటికి వస్తుంది, లేచేముందు వేలితో తోసుకుంటాడు.

ఈ చివరి మాటను నేను ఎప్పుడూ విడిగా అడుగుతాను. బయటికి వచ్చింది తనంతట తనే లోపలికి పోతుందా, తోస్తే గానీ పోదా, తోసినా పోదా? లోపలి పైల్స్‌కి మనం వేసే గ్రేడ్లు దాదాపు ఈ ప్రశ్న మీదే నడుస్తాయి. రక్తం మాత్రమే పడి గడ్డ రాకపోతే మొదటి గ్రేడు. వచ్చి తనే పోతే రెండు, తోస్తే పోతే మూడు, ఇక పోకపోతే నాలుగు.

ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి ప్రాక్టోస్కోపు పెడితే మూడు చోట్లా పైల్స్ కనిపించాయి. వెల్లకిలా పడుకున్న మనిషిని గడియారంలా ఊహించుకుంటే 3, 7, 11 గంటల స్థానాలు. మూడింటి దగ్గరున్నది చిన్నదే గానీ దాని మీద ఎర్రటి చుక్క ఉంది, స్కోపు తగలగానే రక్తం చిమ్మింది. పదకొండు దగ్గరిది రెండో గ్రేడు. ఏడు దగ్గరిది పెద్దది. పడుకున్నప్పుడు చూస్తే అది కూడా రెండో గ్రేడే అనిపిస్తుంది. అందుకని బాత్రూంలోకి పంపి, గొంతుకూర్చుని ముక్కమని చెప్పి, లేవకముందే టార్చి వేసి చూశాను. పెద్ద ఉసిరికాయంత గడ్డ బయట ఉంది, పైభాగం ఎర్రగా తడిగా, కింది భాగం మామూలు చర్మంతో. అంటే సగం లోపలిది, సగం బయటిది కలిసిపోయిన పైల్. ఈ ఒక్క విషయం తర్వాత చాలా నిర్ణయాలను మార్చింది.

పైల్స్ కళ్ళ ముందే కారుతున్నా, ఆ వయసులో ఇంత ఐరన్ లోటుతో వచ్చిన మనిషికి పైన పెద్దపేగు చూడకుండా "ఇది మొలల రక్తమే" అనడం నాకు ఇష్టం ఉండదు. కొలనోస్కోపీ చేయించాం. పేగు కడగడానికి పాలీఎథిలీన్ గ్లైకాల్ పొడి ఇచ్చాం. సోడియం ఫాస్ఫేట్ ద్రావణం కిడ్నీ రోగికి ఇవ్వకూడదు, ఉన్న కాస్త కిడ్నీ కూడా దెబ్బతినవచ్చు. పేగులో గడ్డలేమీ లేవు. పైన కడుపులోకి ఎండోస్కోపీ చేయిస్తే అదీ శుభ్రం.

మొదటి నిర్ణయం: ఇంజెక్షన్

మామూలు మనిషి ఎవరైనా రెండో గ్రేడు, చిన్న మూడో గ్రేడుతో వస్తే నేను ముందు వేసేది బ్యాండే. ఇంజెక్షన్ కన్నా దాని ఫలితం ఎక్కువ కాలం నిలుస్తుంది. ఇక్కడ ఎందుకు వేయలేదో కాస్త వివరంగా చెప్పాలి.

బ్యాండు వేసినప్పుడు ఏమవుతుందంటే, పైల్ మొదట్లో చిన్న రబ్బరు రింగు బిగుసుకుంటుంది, రక్తం అందక ఆ ముక్క చచ్చి, సాధారణంగా 5 నుంచి 10 రోజుల మధ్య రాలిపోతుంది. రాలినచోట చిన్న పుండు మిగులుతుంది, అది మానుతూ పై పొరను కింద కండరానికి అతికిస్తుంది, అందుకే గడ్డ జారడం తగ్గుతుంది. రాలే ఆ రోజుల్లోనే రక్తం పడే ప్రమాదం. ఎక్కువమందికి నాలుగు చుక్కలు పడి ఆగుతుంది. ఈయనకి ఆగుతుందన్న నమ్మకం నాకు లేదు. ప్లేట్‌లెట్ల సంఖ్య, ప్రోత్రాంబిన్ టైము బాగానే ఉన్నాయి. కానీ కిడ్నీ ఇంత పాడైన వాళ్ళలో ప్లేట్‌లెట్లు ఉన్నా అవి సరిగ్గా అతుక్కోవు, కౌంటు చూస్తే ఆ సంగతి తెలియదు. దానికి తోడు హిమోగ్లోబిన్ 7.2. రక్తం పలచగా ఉంటే ప్లేట్‌లెట్లు రక్తనాళం గోడ దగ్గరికి నెట్టబడవు, గడ్డకట్టడం ఇంకా మందగిస్తుంది. ఆ రక్తం పడేది నా టేబుల్ మీద కాదు, వారం తర్వాత ఏ అర్ధరాత్రో వాళ్ళ ఊళ్ళో. అక్కణ్ణించి అంబులెన్సులో శ్రీకాకుళం చేరేలోపు ఏమైనా కావచ్చు.

డెస్మోప్రెసిన్ ఇవ్వొచ్చు కదా అని మా జూనియర్ అడిగాడు. ఇవ్వొచ్చు, ప్లేట్‌లెట్ల పని మెరుగవుతుంది, కానీ ఆ మెరుగు కొన్ని గంటలే. రింగు ఏ రోజు ఏ గంటకి రాలుతుందో తెలియనప్పుడు దాన్ని ఎప్పుడని ఇస్తాం?

ఆపరేషన్ అసలు ఆ రోజు ఆలోచించే స్థితి కాదు. అంత రక్తహీనతతో మత్తు ఇవ్వాలి, పెద్ద పుండు మిగులుతుంది, నొప్పి మాత్రల్లో సగం ఆయనకి నిషిద్ధం.

రక్తం ఎక్కించి ముందుకు పోదామా అన్న మాట కూడా వచ్చింది. గుండె నొప్పి లేదు, కూర్చుంటే ఆయాసం లేదు, రక్తం పడుతున్నది కొద్దికొద్దిగా. రేపు కిడ్నీ మార్పిడి అవసరమైతే, ఇప్పుడు ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో యాంటీబాడీలు తయారై మ్యాచింగ్ కష్టం కావచ్చు. కాబట్టి తప్పనిసరి అయితేనే ఎక్కిద్దామని నెఫ్రాలజిస్టూ నేనూ అనుకున్నాం. నరంలోకి ఐరన్ సుక్రోజ్ మొదలుపెట్టారు. ఐరన్ మాత్రలు వద్దన్నాను, అవి మలాన్ని గట్టిపరుస్తాయి, నల్లగా కూడా చేస్తాయి.

మిగిలింది స్క్లెరోథెరపీ, అంటే పైల్‌ని ముడిచే మందు ఇంజెక్షన్. దీంట్లో ఏదీ రాలిపడదు, పుండు మిగలదు. పైల్ మొదట్లో పై పొర కింద మందు ఎక్కిస్తే అక్కడ వాపు వచ్చి, తర్వాత గట్టి కణజాలంగా మారి, రక్తనాళాలు ముడుచుకుపోతాయి. బాదం నూనెలో 5 శాతం ఫినాల్ పాత పద్ధతి. నేను 3 శాతం పాలిడోకనాల్ వాడాను. ఒక విడతలో మొత్తం 3 మి.లీ. దాటనివ్వను.

సూది ఎక్కడ ఉందో చెప్పేది మందు పోతున్నప్పుడు కనిపించే రూపమే. సరిగ్గా పై పొర కిందికి పోతే అక్కడ మెల్లగా ఉబ్బుతుంది, పైన సన్నటి రక్తనాళాలు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కసారిగా సున్నంలా తెల్లబడితే సూది మరీ పైపైన ఉందని, అక్కడే ఆపకపోతే పుండు పడుతుంది. మందు పోతూ ఉన్నా ఏమీ ఉబ్బకపోతే మరీ లోతుకి దిగిందని. రోగికి నొప్పి అనిపిస్తే కిందికి, అంటే నొప్పి తెలిసే గీతకి దగ్గరగా వచ్చామని. పదకొండు గంటల చోటు గురించి మగవాళ్ళలో ప్రత్యేకంగా భయపడాలి, దాని ముందే ప్రోస్టేట్ ఉంటుంది. అక్కడ లోతుగా పోతే మూత్రంలో రక్తం, జ్వరం, కింద మంట మొదలవుతాయి. ఆ చోట అర మి.లీ. కన్నా ఎక్కువ ఇవ్వను. కిడ్నీ ముందే బాగాలేని మనిషికి మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చిపెట్టడం అంటే కొత్త కష్టం కొని తేవడమే.

ఇంజెక్షన్ చేసిన గంటలో నడుచుకుంటూ వెళ్ళాడు. మర్నాడు తోటకి పోయానని తర్వాత చెప్పాడు. ఆ ఒక్కరోజు కింద బరువుగా ఉందంతే.

తిండి దగ్గర ఒక చిక్కు వచ్చింది. పైల్స్‌కి మనం అలవాటుగా చెప్పే సలహా ఏమిటి? ఆకుకూరలు, పళ్ళు, కొబ్బరి నీళ్ళు బాగా తీసుకో అని. పొటాషియం అదుపులో ఉంచాల్సిన కిడ్నీ రోగికి ఆ జాబితా దాదాపు మొత్తం ప్రమాదమే, పైగా ఈయన ఉండేది కొబ్బరి చెట్ల మధ్య. మలబద్ధకానికి మందుల షాపులో ఇచ్చే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా వద్దు, ఒంట్లో మెగ్నీషియం పేరుకుంటుంది. ఇసబ్గోల్ పొట్టు రాత్రి ఒక గ్లాసు నీళ్ళతో, అది చాలనప్పుడు లాక్టులోజ్. మూత్రం బాగా వస్తోంది కాబట్టి నీళ్ళకి కట్టడి లేదని నెఫ్రాలజిస్టుని అడిగి ఖాయం చేసుకున్నాకే ఇసబ్గోల్ రాశాను. ఇంకో మాట, ఫోను పట్టుకుని దొడ్డిలో అరగంట కూర్చోవద్దన్నాను. నవ్వేశాడు గానీ భార్య మాత్రం తల గట్టిగా ఊపింది.

ఏది పని చేసింది, ఎక్కడ ఆగిపోయింది

కొన్ని వారాల తేడాతో రెండో విడత కూడా ఇచ్చాక రక్తం దాదాపు ఆగింది. మూడు, పదకొండు దగ్గరి పైల్స్ చదునుగా అయిపోయాయి. ఐరన్ అందడంతో ఎరిత్రోపాయిటిన్ కూడా పని మొదలుపెట్టి హిమోగ్లోబిన్ 10.6కి వచ్చింది.

ఏడు దగ్గరిది కొంచెం కుంచించుకుని, రెండు నెలలు తిరక్కుండానే మళ్ళీ జారడం మొదలుపెట్టింది, దానితో మళ్ళీ మరకలు. ఇది ఊహించనిది కాదు. ఇంజెక్షన్ రక్తాన్ని ఆపగలదు గానీ వదులైపోయి జారుతున్న అంత బరువును పైకి లాగి పట్టలేదు. మూడో గ్రేడుకి అది తాత్కాలికమే. దాని మీద మూడో విడత, నాలుగో విడత అంటూ పోవడంలో అర్థం లేదు. ఊళ్ళలో "మొలలకు ఇంజెక్షన్ గ్యారంటీ" అని బోర్డు పెట్టిన వాళ్ళ దగ్గర విడతలు విడతలుగా పొడిపించుకుని, పుళ్ళు పడి, మలద్వారం బిగుసుకుపోయి వచ్చిన వాళ్ళని చూస్తూనే ఉంటాం. లోపల ఏ మందు పోశారో వాళ్ళకే తెలియదు.

రెండో నిర్ణయం: ఒక్క బ్యాండు

ఇప్పుడు లెక్క మారింది. రక్తం చిక్కబడింది, ప్లేట్‌లెట్లకి పని చేసే వీలు పెరిగింది. నాలుగు చుక్కలు పడినా తట్టుకునే నిల్వ ఉంది. అయినా రెండు షరతులు పెట్టాను. ఒక విడతలో ఒకే బ్యాండు. రెండోది, రింగు రాలే రోజుల్లో శ్రీకాకుళంలో వాళ్ళ చెల్లెలి ఇంట్లో ఉండాలి. ఈ రెండో షరతుకి ఆయన గొణిగాడు, ఒప్పుకోకపోతే బ్యాండు లేదన్నాను.

బ్యాండు వేసే ముందు ఆ చోటును ఫోర్సెప్స్‌తో చిన్నగా పట్టుకుని "నొప్పా?" అని అడగడం తప్పనిసరి. మలద్వారంలో పంటి గీత అని ఒకటి ఉంటుంది. దాని పైన కోసినా పిసికినా నొప్పి తెలియదు, కింద చర్మానికి గుండుసూది గుచ్చినా తెలుస్తుంది. బ్యాండు ఆ గీతకి కనీసం ఒక సెంటీమీటరు పైన, వీలైతే రెండు సెంటీమీటర్ల పైన పడాలి. ఈయనకి మొదట పట్టుకున్నచోట ముఖం చిట్లించాడు, ఇంకా పైకి జరిగి పట్టుకుంటే ఏమీ అనలేదు, అక్కడ సక్షన్ గన్‌తో లోపలికి లాగి రింగు వదిలాను. వేసిన వెంటనే గట్టి నొప్పి మొదలైతే రింగు కిందికి పడిందనే, రాత్రికి తగ్గుతుందని పంపకూడదు, అప్పుడే కోసి తీసేయాలి.

పంపే ముందు ఒక హెచ్చరిక ప్రతి ఒక్కరికీ చెబుతాను, ఈయనకి రెండుసార్లు చెప్పాను. రోజులు గడిచేకొద్దీ నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మూత్రం పోయడం కష్టమైనా గంట ఆలస్యం చేయకుండా రావాలి. చాలా అరుదే గానీ లోపల ఇన్ఫెక్షన్ పాకిందంటే ప్రాణం మీదికి వస్తుంది. బ్యాండు తర్వాత ఒకటి రెండు రోజులు దొడ్డికి వస్తున్నట్టే అనిపించే బరువు మామూలు, అప్పుడు ముక్కకూడదు.

ఎనిమిదో రోజు రక్తం పడింది. చెల్లెలి ఇంటి నుంచి ఆటోలో వచ్చాడు. స్కోపు పెట్టి చూస్తే రింగు రాలినచోట సన్నగా ఊరుతోంది, అడ్రినలిన్‌లో తడిపిన గాజ్ గుడ్డ కాసేపు ఒత్తి పెడితే ఆగింది, ఆ రాత్రి వార్డులో ఉంచి పంపేశాం. హిమోగ్లోబిన్ పెద్దగా తగ్గలేదు. ఇదే మొదటి రోజు, 7.2 ఉన్నప్పుడు, ఆయన ఊళ్ళో జరిగి ఉంటే?

ఆరు వారాల తర్వాత చూస్తే లోపలి భాగం చాలావరకు తగ్గింది. కానీ గొంతుకూర్చోబెట్టి చూస్తే చర్మంతో ఉన్న కింది సగం అలాగే ఉంది, దానితోపాటు లోపలి పొర కొంచెం జారుతోంది. తడి, దురద, కడుక్కోవడం కష్టం. గీత కింద ఉన్న భాగానికి బ్యాండు వేయడానికి లేదు, వేస్తే భరించలేడు. పైన ఇంకో బ్యాండు ఒకసారి ప్రయత్నించాం, రక్తం ఇబ్బంది ఈసారి రాలేదు, గడ్డ మాత్రం కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికే వచ్చింది.

మూడో నిర్ణయం: ఆపరేషన్, ఒక్కదానికే

"లేజర్‌తో కోత లేకుండా తీసేస్తారట కదా బాబూ, విశాఖపట్నంలో బోర్డులు సూసేను" అన్నాడు. లేజర్ లోపలి భాగాన్ని కాల్చి కుదిస్తుంది, బయట ఉన్న చర్మపు గడ్డను తీయదు. ఆయన బాధ ఇప్పుడు సరిగ్గా ఆ గడ్డే. స్టేప్లర్ కూడా అంతే, చుట్టూ సమానంగా జారిన వాళ్ళకి వాడేది, ఒక్కచోట ఉన్న బయటి గడ్డకి సాయపడదు.

మిలిగన్, మోర్గాన్ 1937లో రాసిన తెరిచి వదిలేసే పద్ధతే ఎంచుకున్నాను, కానీ మూడు చోట్లా కాకుండా ఏడు గంటల దగ్గర మాత్రమే. ఇంజెక్షన్లతో ముడుచుకున్న మిగతా రెండింటినీ ముట్టుకోలేదు. మూడూ ఒకేసారి తీస్తే మధ్యలో చర్మపు వంతెనలు జాగ్రత్తగా మిగల్చాలి, లేకపోతే మానేటప్పుడు మలద్వారం ఇరుకైపోతుంది. ఒక్కటే తీస్తే ఆ భయం దాదాపు లేదు, పుండు మూడోవంతు, నొప్పి కూడా తక్కువ. మొదట్లో ఇంజెక్షన్లు చేయడం వృథా కాలేదన్నది ఇక్కడే తెలిసింది. అవి ఆపరేషన్‌ను తప్పించలేదు గానీ చిన్నది చేశాయి.

ఒక విషయంలో ఆపరేషన్ బ్యాండు కన్నా ఆయనకి క్షేమం. రక్తనాళం మొదలు నా కళ్ళ ముందు ఉంటుంది, కుట్టు వేసి కట్టేస్తాను. డెస్మోప్రెసిన్ ఇవ్వాల్సిన గంట ఏదో ముందే తెలుసు, కోతకు ముందు కిలోకి 0.3 మైక్రోగ్రాముల లెక్కన సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కించాం. మత్తు డాక్టరు వెన్నులో సూది వద్దని, మలద్వారం దగ్గర స్పర్శనిచ్చే పుడెండల్ నరాలకి రెండు పక్కలా బుపివకైన్ తిమ్మిరి మందు ఇచ్చి, పైన కాస్త నిద్రమత్తు చాలన్నారు. ప్లేట్‌లెట్లు పని చేయని మనిషికి వెన్నులో సూది అంటే అక్కడ లోపల రక్తం కారి గడ్డగా పేరుకునే భయం. మూత్రం బిగబట్టే ఇబ్బంది కూడా దీనితో తక్కువ. సెలైన్ బాటిళ్ళు తగ్గించి పెట్టడం కూడా అందుకే.

కోత చిన్నది. బయటి చర్మం దగ్గర వి ఆకారంలో మొదలుపెట్టి, లోపలి కండరం తెల్లటి అడ్డగీతల్లా కనిపించగానే దాన్ని కిందికి వదిలేస్తూ, గడ్డను పైకి విడదీసుకుంటూ మొదలు దాకా వెళ్ళి కట్టేశాం. ఆ తెల్లటి గీతల్ని కోసేస్తే తర్వాత గాలి, మలం ఆపుకోవడం కష్టమవుతుంది.

అసలు పరీక్ష ఆ తర్వాత. పైల్స్ ఆపరేషన్ తర్వాత మేమంతా కళ్ళు మూసుకుని రాసే డైక్లోఫెనాక్ ఈయనకి ఇవ్వకూడదు, ఆ జాతి నొప్పి మాత్రలు ఏవీ ఇవ్వకూడదు, కిడ్నీ ఇంకా దిగజారుతుంది. పారాసిటమాల్ 1 గ్రాము రోజుకి మూడుసార్లు, నొప్పి వచ్చినప్పుడు కాదు, టైముకి. మొదటి కొన్ని రోజులు ట్రమడాల్ 50 మి.గ్రా. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, అంతకన్నా ఎక్కువ వద్దు, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. ట్రమడాల్ మలాన్ని బిగిస్తుంది కాబట్టి లాక్టులోజ్ మోతాదు ఆపరేషన్ ముందు రోజు నుంచే పెంచాం. కండరం పట్టేయకుండా 2 శాతం డిల్టియాజెమ్ పూత, గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చోవడం.

మొదటిసారి దొడ్డికి వెళ్ళినప్పుడు అరిచాడని భార్య చెప్పింది. అది అందరికీ అంతే, ఆ ఒక్కరోజు గురించి ముందే చెప్పకపోతే రోగి భయపడి బిగబట్టుకుంటాడు, బిగబడితే ఇంకా గట్టిపడుతుంది. రెండో వారం చివరికి పారాసిటమాల్ కూడా అక్కర్లేకపోయింది. పుండు పూర్తిగా మానడానికి అయిదో వారం పట్టింది. మళ్ళీ చెట్టెక్కడానికి అప్పటిదాకా ఒప్పుకోలేదు. క్రియాటినిన్ 3.9 దగ్గరే ఉంది.

ఈ కేసు నుంచి నేను తీసుకున్నవి

కిడ్నీ బాగున్న మనిషికి ఇంత ప్రయాణం ఉండదు. రక్తం మాత్రమే పడే మొదటి గ్రేడు, చిన్న రెండో గ్రేడుకి, లేదా రక్తం పలచబడే మందులు ఆపలేని గుండె రోగులకి ఇంజెక్షన్ పెట్టుకుంటాను, మళ్ళీ రావొచ్చని ముందే చెబుతాను. జారే గడ్డ ఉండి, అది మొత్తం గీతకి పైనే ఉన్నప్పుడు బ్యాండు; మూడు నాలుగు రోజుల్లో పనికి పోవచ్చు, రింగు రాలే రోజుల్లో ఊరు దాటకూడదు. బయటి భాగం కలిసిపోయిన మూడో గ్రేడుకి, నాలుగో గ్రేడుకి, బ్యాండు ఓడిపోయిన చోట ఆపరేషన్. రెండు మూడు వారాల నొప్పి, నాలుగు నుంచి ఆరు వారాల పుండు. మూడింటిలో మళ్ళీ రావడం దీనిలోనే తక్కువ, బాధ దీనిలోనే ఎక్కువ. ఈ బేరం రోగికి అర్థమయ్యేలా చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, ఓపీలో ఆ పది నిమిషాలు దొరకడమే కష్టం.

గ్రేడు కన్నా ఈ మధ్య నేను ఎక్కువ ఆలోచించేది రక్తం పడితే ఏ రోజు పడుతుంది, ఆ రోజు మనిషి ఎక్కడ ఉంటాడు అన్నది. మందస కొండ మీది నుంచి వచ్చిన వాళ్ళకీ, మా ఆస్పత్రి వెనక వీధిలో ఉండే వాళ్ళకీ పైల్ ఒకేలా ఉన్నా బ్యాండు నిర్ణయం ఒకటి కాదు.

నెఫ్రాలజీ వైపు నుంచి వచ్చే వాళ్ళ ఫైల్లో ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ లేకపోతే ముందు అవి చేయిస్తున్నాను. అవి తక్కువగా ఉన్నాయంటే "దొడ్డికి వెళ్తే రక్తం పడుతుందా" అని సూటిగా అడుగుతాం, "ఏమైనా బాధలున్నాయా" అని అడిగితే ఎవరూ చెప్పరు. ఇక పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం కింద తెలుగులో, పెద్ద అక్షరాలతో మూడు లైన్లు రాసిస్తున్నాం, ఊళ్ళో ఆర్‌ఎంపీకి కూడా అర్థమయ్యేలా: నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయవద్దు. ఫాస్ఫేట్ ఎనిమా ఇవ్వవద్దు. రెండో వారంలో రక్తం గడ్డలుగా పడితే ఇంట్లో చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసి బయల్దేరండి.